తాళం వేయాలా, స్క్రీన్ ఆపాలా, బయటికి పంపాలా? జూమ్ మీటింగ్‌లో అల్లరిని ఆపే మూడు మార్గాల్లో మీకు ఏది సరిపోతుంది

జూమ్ మీటింగ్‌ను పాడుచేయడానికి వచ్చేవాళ్లను ఆపడానికి హోస్ట్ చేతిలో మూడు సాధనాలు ఉంటాయి. ఒకటి, మీటింగ్‌ను లాక్ చేయడం. రెండోది, హోస్ట్ తప్ప ఇంకెవరూ తమ స్క్రీన్ చూపించలేకుండా చేయడం. మూడోది, పిలవని మనిషిని బయటికి పంపడం. మూడూ చేసేస్తే పోలా అంటారు చాలామంది. కానీ మూడింటికీ ఖర్చు ఒకటి కాదు. స్క్రీన్ ఆపితే మీకు పోయేది దాదాపు ఏమీ ఉండదు. లాక్ వేస్తే మాత్రం కరెంటు పోయి తిరిగొచ్చిన మీ సొంత అతిథి కూడా బయటే నిలబడతారు. బయటికి పంపడం జరిగేసరికి జరగాల్సిన నష్టం కొంత జరిగిపోయి ఉంటుంది.

2020లో లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ అల్లరి ఎంత పెరిగిందంటే దానికి జూంబాంబింగ్ అని పేరే పడింది. ఆ ఏడాది మార్చి 30న అమెరికాలో ఎఫ్‌బీఐ బోస్టన్ కార్యాలయం హెచ్చరిక ఇచ్చింది. ఏప్రిల్‌లో మన కేంద్ర హోం శాఖ కూడా ఒక సలహాపత్రం విడుదల చేసింది. వెయిటింగ్ రూమ్ పెట్టండి, స్క్రీన్ షేరింగ్ హోస్ట్‌కే ఉంచండి, పంపేసినవాళ్లను మళ్లీ రానివ్వకండి, అందరూ వచ్చాక లాక్ చేయండి అని అందులో ఉంది. జాబితా ఇప్పటికీ సరైనదే. కాకపోతే అపార్ట్‌మెంట్ మీటింగ్‌కూ, ఫేస్‌బుక్‌లో లింక్ పెట్టిన కవి సమ్మేళనానికీ ఒకే మందు పనిచేయదు.

## ముందు చూసుకోవాల్సిన మూడు విషయాలు

మొదటిది, లింక్ ఎవరెవరి దగ్గర ఉంది? పాస్‌కోడ్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. జూమ్ ఇచ్చే లింక్‌లో చివర `pwd=` అని ఒక ముక్క ఉంటుంది. పాస్‌కోడ్ అందులోనే ఇమిడి ఉంటుంది కాబట్టి లింక్ దొరికినవాడు దాన్ని విడిగా టైప్ చేయాల్సిన పని లేదు. లింక్ ఒక వాట్సాప్ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు వెళ్లిందంటే పాస్‌కోడ్ కూడా వెళ్లినట్టే.

రెండోది, మీటింగ్ మధ్యలో ఎంతమంది వస్తూ పోతూ ఉంటారు? ఇరవై మంది ఉద్యోగులు ఆఫీసు నెట్ మీద కూర్చున్న మీటింగ్ వేరు. ఊళ్లో మొబైల్ డేటా మీద చూస్తున్న పెద్దవాళ్లు ఉన్న మీటింగ్ వేరు. రెండో రకంలో ఒకే మనిషి గంటలో రెండు మూడుసార్లు తెగిపోయి మళ్లీ రావడం మామూలే.

మూడోది, హోస్ట్ పక్కన ఇంకో మనిషి ఉన్నారా? జూమ్ ఉచిత ఖాతాలో కో-హోస్ట్‌ను పెట్టుకునే వీలు లేదు. అది డబ్బు కట్టిన ఖాతాకే వస్తుంది. అంటే ఉచిత ఖాతాతో సభ నడిపే మనిషే వ్యాఖ్యానం చేయాలి, వెయిటింగ్ రూమ్ చూడాలి, అల్లరివాణ్ణి పట్టుకోవాలి. సెట్టింగుల గురించి ఎంతో రాస్తారు గానీ, నా లెక్కలో అసలు తేడా తెచ్చేది ఈ మూడో విషయమే.

| | స్క్రీన్ షేరింగ్ ఆపడం | లాక్ చేయడం | బయటికి పంపడం |
|---|---|---|---|
| ఎప్పుడు చేయాలి | మీటింగ్‌కు ముందే | రావాల్సినవాళ్లు వచ్చాక | అల్లరి మొదలయ్యాక |
| ఎవరిని ఆపుతుంది | లోపల ఉన్నవాళ్లందరినీ | బయట ఉన్నవాళ్లందరినీ | ఒక్క మనిషిని |
| ఏది ఆపలేదు | గొంతు, వీడియో, చాట్ | ముందే లోపలికి వచ్చినవాణ్ణి | వేరే ఫోన్‌తో తిరిగి వచ్చేవాణ్ణి |
| ఎవరికి ఇబ్బంది | స్లైడ్లు చూపించే వక్తకు | ఆలస్యమైనవాళ్లకు, నెట్ పోయినవాళ్లకు | పొరపాటున పంపేసిన అతిథికి |
| రెండో మనిషి కావాలా | అక్కర్లేదు | ఉంటే మంచిది | తప్పకుండా ఉండాలి |

## స్క్రీన్ షేరింగ్ ఆపడం

దీని గురించి నాకు రెండో ఆలోచన లేదు. ఏ మీటింగ్‌కైనా ముందే ఆపేయండి. అసహ్యమైన బొమ్మ అందరి తెర నిండా ఒక్కసారిగా పరుచుకునేది స్క్రీన్ షేరింగ్ ద్వారానే. మాటలతో చేసే అల్లరిని మ్యూట్‌తో ఆపవచ్చు, చిన్న గడిలో కనిపించే వీడియో చాలామంది కంట పడక ముందే ఆపవచ్చు. తెర మొత్తం ఆక్రమించే బొమ్మ ఆ అవకాశం ఇవ్వదు.

మీటింగ్ నడుస్తుండగా చేయాలంటే కింది వరుసలో `Host tools` నొక్కండి. పాత యాప్‌లో దాని పేరు `Security`. ఫోన్‌లో అయితే `More` లోపల వెతకాలి. అందులో పాల్గొనేవాళ్లు ఏమేం చేయవచ్చో చూపే చోట `Share screen` పక్కన టిక్ తీసేయాలి. అయితే ఇది ఆ ఒక్క మీటింగ్ వరకే. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు మీటింగ్ ఆగిపోయి, అదే లింక్‌తో మళ్లీ మొదలుపెడితే అప్పుడు వర్తించేది మీ ఖాతాలో ఉన్న సెట్టింగే. అందుకే జూమ్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి, `Settings` లో `Screen sharing` దగ్గర, ఎవరు షేర్ చేయవచ్చు అన్న ప్రశ్నకు `Host Only` అని పెట్టుకోవడం మేలు. ఒకసారి చేస్తే వచ్చే వారం మర్చిపోయినా ఫర్వాలేదు.

వక్త స్లైడ్లు చూపించాలంటే ఎలా అన్నది తర్వాతి ప్రశ్న. డబ్బు కట్టిన ఖాతా ఉంటే ఆ వక్తను కో-హోస్ట్ చేయండి. అప్పుడు `Host Only` ఉన్నా ఆయన షేర్ చేయగలరు. ఉచిత ఖాతా అయితే స్లైడ్లు ముందే తెప్పించుకుని మీరే చూపించడం సులువు. వక్త "నెక్స్ట్" అంటుంటే మీరు తిప్పుతుంటారు. చూడ్డానికి కాస్త మోటుగా ఉంటుంది, కానీ అయిదు నిమిషాల కోసం అందరికీ షేరింగ్ తెరవడం కంటే నయం. ఎవడైనా కాచుక్కూర్చుంటే ఆ అయిదు నిమిషాలు చాలు.

ఒక రంధ్రం మాత్రం చాలామంది గమనించరు. షేరింగ్ మీ చేతిలోనే ఉన్నా, మీరు చూపిస్తున్న స్లైడు మీద ఇతరులు గీతలు గీయవచ్చు, బూతులు రాయవచ్చు. దాన్ని అనొటేషన్ అంటారు, అది వేరే సెట్టింగ్. వెబ్‌సైట్ సెట్టింగుల్లోనే `Annotation` ను ఆపేయండి. పిల్లల క్లాసుల్లో అల్లరి తరచుగా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

## మీటింగ్‌ను లాక్ చేయడం

`Host tools` లోనే `Lock meeting` ఉంటుంది. అది నొక్కాక లింకూ పాస్‌కోడూ రెండూ ఉన్నా ఎవరూ లోపలికి రాలేరు. బయటి మూక మీద ఇంతకంటే గట్టి అడ్డు లేదు. లాక్ ఉన్నంతసేపు వెయిటింగ్ రూమ్‌ను కనిపెట్టుకుని ఉండే పని కూడా తప్పుతుంది కాబట్టి ఒంటరి హోస్ట్‌కు ఇది పెద్ద ఊరట.

కష్టం ఎక్కడంటే, లాక్ అయ్యాక ఎవరైనా వచ్చి తలుపు తట్టినా ఆ సంగతి మీకు తెలియదు. మీ తెర మీద ఏ కబురూ రాదు. వాళ్లకు మీటింగ్ లాక్ అయిందన్న సందేశం కనిపిస్తుంది, అంతే. వాళ్లు మీకు ఫోన్ చేయాలి, మీ ఫోనేమో సైలెంట్‌లో ఉంటుంది. నెట్ తెగి తిరిగొచ్చేవాళ్ల పరిస్థితీ ఇదే. తర్వాత మాట్లాడాల్సిన వక్తే ఇలా బయట ఉండిపోతే సభ నడిపేవాళ్లకు అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

కాబట్టి లాక్ వేస్తున్నట్టు ముందే చెప్పండి. "7:15కి తలుపు మూస్తాం, ఆలస్యమైతే ఫలానా నంబరుకు వాట్సాప్ చేయండి" అని ఆహ్వానంలోనే రాయండి. ఆ నంబరు హోస్ట్‌ది కాకుండా, సభలో మాట్లాడే పనిలేని మనిషిది అయి ఉండాలి. వాళ్లకు మెసేజ్ వస్తే హోస్ట్‌తో లాక్ తీయించి, ఆ మనిషిని రానిచ్చి, మళ్లీ వేయించడం అర నిమిషం పని.

లాక్ కూడా నడుస్తున్న మీటింగ్‌కే చెల్లుతుంది. 40 నిమిషాల తర్వాత అదే లింక్‌తో రెండో విడత మొదలుపెడితే తాళం తీసి ఉన్నట్టే, మళ్లీ వేసుకోవాలి.

## లాక్‌కూ వెయిటింగ్ రూమ్‌కూ మధ్య

లాక్ మరీ కఠినం అనిపించేవాళ్లు వెయిటింగ్ రూమ్ వైపు వస్తారు. వచ్చిన ప్రతి మనిషీ బయట గదిలో ఆగుతారు, మీరు పేరు చూసి రానిస్తారు. వినడానికి బాగుంటుంది. ఆచరణలో వచ్చే చిక్కేమిటంటే అక్కడ కనిపించే పేర్లు "Redmi Note", "Galaxy", "iPhone" అని ఉంటాయి. అది మీ మేనమామ ఫోనో, అల్లరివాడి ఫోనో తెలిసే దారి లేదు. చూసీచూసీ విసుగొచ్చి `Admit all` నొక్కేస్తే వెయిటింగ్ రూమ్ ఉండీ లేనట్టే.

పేరు, ఊరు కలిపి పెట్టుకుని రమ్మని ఆహ్వానంలో అడగండి. "సుజాత, నల్గొండ" అని కనిపిస్తే గుర్తుపట్టడం తేలిక. వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లకు హోస్ట్ సందేశం కూడా పంపవచ్చు. ఫోన్ పేరుతో వచ్చినవాళ్లను, మీ పేరు పెట్టుకుని మళ్లీ రండి అని అక్కడే అడగవచ్చు. ఇదంతా చేయడానికి ఒక మనిషి ప్రత్యేకంగా కూర్చోవాలి. అలాంటి మనిషి లేకపోతే వెయిటింగ్ రూమ్‌ను మొదటి పావుగంటకు వాడి, ఆ తర్వాత లాక్ వేయడమే నా సలహా.

## బయటికి పంపడం

`Participants` జాబితాలో ఆ పేరు మీదికి వెళ్లి `More` నొక్కితే `Remove` కనిపిస్తుంది. పంపేసిన మనిషి మళ్లీ రాగలడా అన్నది వెబ్‌సైట్‌లోని ఒక సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది. `Allow removed participants to rejoin` అన్నది ఆపి ఉంటేనే పంపడానికి అర్థం ఉంటుంది. అది ఆపి ఉన్నా వాడు ఇంకో ఫోన్ తీసుకుని, ఇంకో పేరుతో అదే లింక్ నొక్కితే జూమ్ దృష్టిలో కొత్త మనిషే. అందుకే పంపిన వెంటనే లాక్ వేయాలి. పంపి, లాక్ వేయకుండా ఊరుకోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు.

ఎవరిని పంపుతున్నామో చూసుకోవడం ఇంకో చిక్కు. అల్లరి చేసేవాళ్లు లోపలికి వచ్చాక సభలో ఉన్న పెద్దమనిషి పేరే పెట్టుకుంటారు. జాబితాలో ఒకే పేరు రెండు కనిపిస్తుంది, కంగారులో అసలు మనిషిని పంపేస్తారు. పైన చెప్పిన సెట్టింగ్ ఆపి ఉంది కాబట్టి పాపం ఆయన అదే ఫోన్‌తో తిరిగి రాలేరు. రెండు జాగ్రత్తలు దీన్ని తప్పిస్తాయి. `Host tools` లో `Rename themselves` టిక్ తీసేస్తే మధ్యలో పేరు మార్చడం కుదరదు. ఎవరో సరిగ్గా తెలియనప్పుడు `Remove` బదులు `Put in waiting room` వాడితే, ఆ మనిషి కాదని తేలాక వెనక్కి రప్పించుకోవచ్చు.

ఒక్కడు కాదు, ఒకేసారి అయిదారుగురు మొదలుపెట్టారనుకోండి. ఒక్కొక్కరినీ వెతికి పంపేలోపు మిగతావాళ్ల అల్లరి సాగుతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు `Suspend participant activities` నొక్కండి. ఇది 2020 నవంబరులో వచ్చింది, ఉచిత ఖాతాలోనూ ఉంది. ఒక్క నొక్కుతో అందరి మైకులు, వీడియోలు, చాట్, అనొటేషన్, స్క్రీన్ షేరింగ్, రికార్డింగ్ ఆగిపోతాయి. అల్లరి చేసినవాళ్లను జూమ్‌కు రిపోర్ట్ చేస్తారా అని కూడా అక్కడే అడుగుతుంది. ఆ నిశ్శబ్దంలో తీరిగ్గా వాళ్లను పంపండి, లాక్ పడి ఉందో లేదో చూసుకోండి, తర్వాత ఒక్కొక్క సదుపాయం తిరిగి ఇవ్వండి. ఈ మీట ఎక్కడుందో మొదటిసారి వెతుక్కోవడం అల్లరి జరుగుతున్నప్పుడు కాకూడదు. ఇంట్లోవాళ్లతో ఒక ఉత్తుత్తి మీటింగ్ పెట్టి నొక్కి చూడండి.

## మీ మీటింగ్ ఏ రకం?

అపార్ట్‌మెంట్ లేదా కాలనీ సంఘం సమావేశం. రావాల్సినవాళ్లు తెలుసు, లెక్క తెలుసు. ఇక్కడ లాక్ బాగా సరిపోతుంది. తీర్మానాల మీద ఓటు ఉంటే మాత్రం లాక్ వేసిన సమయాన్ని మినిట్స్‌లో రాసుకోండి, లేకపోతే "నన్ను కావాలనే బయట ఉంచారు" అన్న తగువు మొదలవుతుంది.

సంస్మరణ సభ. లాక్ వద్దు. దూరదేశాల్లో ఉన్న బంధువులు పని మధ్యలో పది నిమిషాలు చూసుకుని వచ్చిపోతారు, వాళ్లకు తలుపు మూయడం బాగుండదు. వెయిటింగ్ రూమ్ దగ్గర బంధువర్గాన్ని బాగా ఎరిగిన మనిషిని కూర్చోబెట్టండి. స్క్రీన్, అనొటేషన్ ఆపండి. మైకు తెరవడం కూడా హోస్ట్ చేతిలోనే ఉంచి, మాట్లాడదలచినవాళ్లను ఒక్కొక్కరిగా పిలవండి.

ఆన్‌లైన్ క్లాసు. ఇక్కడ లెక్క తలకిందులు. అమెరికాలో బింగ్‌హామ్‌టన్, బోస్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020 నాటి జూంబాంబింగ్ పిలుపులను పరిశీలిస్తే, వాటిలో ఎక్కువ భాగం బయటివాళ్ల పని కాదని తేలింది. క్లాసులోని పిల్లలే లింక్, పాస్‌కోడ్ ఇచ్చి అల్లరి చేయమని ఇతరులను పిలిచారు. వెయిటింగ్ రూమ్ దాటడానికి ఫలానా పేరు పెట్టుకుని రండి అని తోటి పిల్లల పేర్లు కూడా చెప్పారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, లోపలివాడే దారి చూపిస్తే వెయిటింగ్ రూమ్ ఏం చేయగలదు? ఆ పరిశోధకులు సూచించింది ప్రతి ఒక్కరికీ విడి లింక్ ఇవ్వడం. జూమ్‌లో డబ్బు కట్టిన ఖాతాకు రిజిస్ట్రేషన్ సదుపాయం ఉంది, దాంతో ఇది సాధ్యం. ఒకే లింక్‌తో రెండు పరికరాల నుంచి రాకుండా కూడా పెట్టవచ్చు. అది కుదరని ట్యూషన్ మాస్టారు స్క్రీన్, అనొటేషన్, పేరు మార్చడం మూడూ ఆపేసి, హాజరు తీసుకున్నాక లాక్ వేయడం మంచిది.

అందరికీ తెరిచిన సాహిత్య సభ. అన్నిటికంటే కష్టమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. డాలస్‌లో ఉన్న కొందరు మిత్రులు వేసవిలో ఒక శనివారం కవి సమ్మేళనం పెట్టారనుకుందాం. అక్కడ ఉదయం 10 గంటలు, హైదరాబాద్‌లో రాత్రి 8:30. లింక్ ఫేస్‌బుక్‌లో ఉంది, కాబట్టి ఎవరి దగ్గర ఉందో చెప్పలేం. డెబ్బై మంది వస్తారని అంచనా. కొత్త శ్రోతలు రావాలన్నదే ఉద్దేశం, కనుక మొదట్లోనే తాళం వేయలేరు.

డబ్బు కట్టిన ఖాతా తీసుకుని ఇద్దరు కో-హోస్టులను పెట్టుకోవడం మొదటి పని. ఒకరు వెయిటింగ్ రూమ్ చూస్తారు, ఇంకొకరు `Participants` జాబితా మీదే కళ్లు పెట్టి ఉంటారు. కవిత చదివేవాళ్లకు ఈ బాధ్యత అప్పగించకూడదు. వెబ్‌సైట్ సెట్టింగుల్లో షేరింగ్ `Host Only`, అనొటేషన్ ఆపడం ముందురోజే పూర్తి. సభ మొదలయ్యాక మైకు తెరవడం, పేరు మార్చడం కూడా ఆపేస్తారు. వంతు వచ్చిన కవికి మాత్రం మైకు తెరవమని కో-హోస్ట్ అడుగుతారు. చాట్‌ను హోస్టులకు మాత్రమే చేరేలా పెడతారు. "వాహ్", "అద్భుతం" అన్న మెచ్చుకోళ్లు అందరికీ కనిపించవు, అదొక లోటే. కానీ చాట్‌లో వరసగా బూతులు కుమ్మరించే అవకాశం పోతుంది.

మొదటి అరగంట వెయిటింగ్ రూమ్‌తో నడిపి, హైదరాబాద్ లెక్కలో 9 గంటలకు లాక్ వేస్తారు. కవులు మాత్రం తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్లందరికీ ఒక కో-హోస్ట్ నంబరు ఇచ్చి ఉంచుతారు. 9:20కి ఎవరో వీడియోలో అసభ్యంగా ప్రవర్తించారు. జాబితా చూస్తున్న కో-హోస్ట్ ముందు అతని వీడియో ఆపి, `Remove` నొక్కుతారు. లాక్ ఉంది కాబట్టి వేరే ఫోన్‌తో తిరిగొచ్చే దారి లేదు. చదువుతున్న కవి ఆపాల్సిన పని కూడా ఉండదు. అదే అల్లరి 8:40కి, తలుపు ఇంకా తెరిచి ఉండగా, నలుగురు కలిసి చేసి ఉంటే `Suspend participant activities` నొక్కాల్సి వచ్చేది. సభ రెండు మూడు నిమిషాలు ఆగిపోయేది.

ఉచిత ఖాతాతో ఒక్కరే నడపాల్సి వస్తే ఇదే సభను ఇంత తెరిచి పెట్టవద్దంటాను. ఫేస్‌బుక్‌లో సభ సమయం మాత్రమే పెట్టి, లింక్ కావాలన్నవాళ్లకు విడిగా పంపండి. శ్రోతలు కొంత తగ్గుతారు. వచ్చినవాళ్లు ఎవరో మీకు తెలుస్తుంది, లాక్ త్వరగా వేయగలుగుతారు.

## మీట్, టీమ్స్ వాడేవాళ్లకు

పేర్లు వేరు, లెక్క అదే. టీమ్స్‌లో మనుషుల జాబితా పైన మూడు చుక్కల్లో `Lock the meeting` ఉంటుంది. స్క్రీన్ విషయం మాత్రం మీటింగ్ ఆప్షన్లలో ఎవరు ప్రెజెంట్ చేయవచ్చు అన్న చోట తేలుతుంది. గూగుల్ మీట్‌లో హోస్ట్ కంట్రోల్స్ తెరిచి స్క్రీన్ షేరింగ్ ఆపవచ్చు. అక్కడే ఎవరు నేరుగా రావచ్చు, ఎవరు అడిగి రావాలి అన్నది కూడా ఎంచుకోవచ్చు. పిలవనివాళ్లు అడిగే రావాలని పెట్టుకుంటే అది వెయిటింగ్ రూమ్‌లా పనిచేస్తుంది.

ఏది వాడినా, సభ ముగిశాక హోస్ట్ ఒక్కరే వెళ్లిపోకండి, అందరికీ మీటింగ్ ముగించండి. జూమ్‌లో అది `End meeting for all`. అల్లరి జరిగిన సభ అయితే తర్వాతి వారానికి అదే ఐడీ వాడకుండా కొత్తది తీసుకోండి. పంపేసిన మనిషి మీద అడ్డు ఆ ఒక్క మీటింగ్‌తోనే పోతుంది, లింక్ మాత్రం అతని ఫోన్‌లో అలాగే ఉంటుంది.